ఎవరు రాలేదు? రెండు వరుసల్లోకి కుదించిన ఒక సన్నివేశం

ఈ సబ్‌టైటిళ్ళ ఫైలు నా దగ్గరికి వచ్చేసరికే, వరుసల్లో పట్టేలా అందులోని మాటల్ని ఒకసారి కుదించారు. వేరే భాషలో తీసిన సినిమా, తెలుగు సబ్‌టైటిళ్ళు. సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఎక్కడా ఎర్ర గుర్తు లేదు. వరుస పొడవు, చదివే వేగం, రెండు సబ్‌టైటిళ్ళ మధ్య ఖాళీ, అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. అయినా పరీక్షగా చూపించినప్పుడు ప్రేక్షకులు ఒక ముఖ్యమైన సన్నివేశాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నారు. అక్క తన తప్పు ఒప్పుకుంటుంటే, తమ్ముణ్ణి తిడుతోంది అనుకున్నారు. ఆ సన్నివేశాన్ని మళ్ళీ కుదించమని నాకు ఇచ్చారు. మొదటి పూర్తి అనువాదం కూడా చేతిలో ఉంది కాబట్టి ఎక్కడ ఏం పోయిందో పక్కపక్కనే పెట్టి చూసే వీలు కుదిరింది.

సన్నివేశం ఇదీ. తల్లి చనిపోయిన కొన్నాళ్ళకి అక్క ఊరునుంచి వస్తుంది. తమ్ముడు ఇల్లు అమ్మడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టిన కాగితాలు ఆమెకి కనిపిస్తాయి. ఇద్దరూ ఖాళీ హాల్లో నిలబడి గొడవ పడతారు. ఇద్దరూ వేగంగా మాట్లాడతారు, ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకుంటారు.

ముందుగా కొలత సంగతి. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళకి వరుసకి 42 అక్షరాలు అనేది చాలా చోట్ల కనిపించే హద్దు. ఈ సినిమాని ఎక్కువమంది ఫోన్లలో పెద్ద అక్షరాలతో చూస్తారని వరుసకి 32, రెండు వరుసలకీ కలిపి 64 అని పెట్టారు. చదివే వేగం సెకనుకి 20 దాటకూడదు. ఖాళీలూ విరామ చిహ్నాలూ లెక్కలోకి వస్తాయి. సబ్‌టైటిల్ తెరమీద కనీసం 20 ఫ్రేములు ఉండాలి. సెకనుకి 24 ఫ్రేముల సినిమాలో అది ఒక సెకనులో ఆరింట ఐదు వంతులు. గరిష్ఠం 7 సెకన్లు.

ఇక్కడ ‘అక్షరం’ అంటే ఏమిటో మొదటే తేల్చుకోవాలి. తెలుగులో గుణింతపు గుర్తు, పొల్లు, సున్న ఒక్కొక్కటీ విడి యూనికోడ్ సంకేతమే. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం. సంకేతాలు లెక్కపెడితే ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ముక్కలుగా లెక్కపెట్టే పాత సాఫ్ట్‌వేర్ దీన్ని మూడుగా చూపిస్తుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాలు పాటించేదైతే ఒకటిగా చూపిస్తుంది. అందుకే కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టేటప్పుడు ‘స్త్రీ’ అని టైప్ చేసి, లెక్క ఎంత చూపిస్తుందో చూస్తాను. 1 వచ్చిందా 6 వచ్చిందా అన్నదాన్నిబట్టి 20 అనే హద్దు వదులా బిగుతా అన్నది మారిపోతుంది. ‘డాక్టర్‌తో’ లాంటి మాటల్లో పొల్లుని విడిగా నిలబెట్టడానికి వేసే కనిపించని గుర్తు కూడా ఒక సంకేతమే. ఈ ప్రాజెక్ట్‌లో లెక్క సంకేతాలదే. కింద చెప్పే అంకెలన్నీ ఆ లెక్కే, వరుస మారిన చోటు లెక్కలోకి రాదు.

గొడవ అక్క ప్రశ్నతో మొదలవుతుంది. పూర్తి అనువాదం ఇలా ఉంది:

> నువ్వు ఈ ఇంటిని అమ్మేయడానికి సంతకం పెట్టేశావని నాకు ఎందుకు చెప్పలేదు?

69 సంకేతాలు. ఆమె ఈ మాట అనడానికి పట్టేది రెండున్నర సెకన్లు. అంటే సెకనుకి 27కి పైనే. 50కి దించాలి. నేను పెట్టింది:

> ఇల్లు అమ్మేస్తున్నావని
> నాకెందుకు చెప్పలేదు?

42 సంకేతాలు, సెకనుకి 17 లోపే. ‘సంతకం’ పోయింది. పోయినా ఫరవాలేదు, ఎందుకంటే ఆమె చేతిలో కాగితం ఉంది, కెమెరా అప్పుడే సంతకం మీద ఆగింది. బొమ్మ చెప్పిన సంగతిని మళ్ళీ వరుసలో రాయడానికి ఇక్కడ చోటు లేదు. ‘నువ్వు’ కూడా పోయింది. ‘అమ్మేస్తున్నావ్’ అనే క్రియలోనే నువ్వు ఉంది.

నాకంటే ముందు చేసినవాళ్ళు ఇక్కడ ‘అమ్మేశావని’ అని రాశారు. దానివల్ల ఆరు సంకేతాలు మిగిలాయి. కానీ కథలో ఇల్లు ఇంకా చేయి మారలేదు. అమ్మకాన్ని ఆపగలరా లేదా అన్నదే మిగతా సినిమా. ‘అమ్మేశావు’ అంటే అయిపోయినట్టే. ఆ ఆరు సంకేతాలు ఖర్చుపెట్టాల్సినవే.

తమ్ముడి జవాబు:

> నేను నీకు ఎన్నోసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఒక్కసారి కూడా ఫోన్ ఎత్తలేదు. నన్నేం చేయమంటావు?

88 సంకేతాలు, మూడు సెకన్లు. సెకనుకి 29. రెండు వరుసల్లో పట్టనే పట్టదు. దీన్ని ఇలా మార్చాను:

> ఎన్నోసార్లు ఫోన్ చేశాను.
> నువ్వే ఎత్తలేదు. ఏం చేయమంటావు?

54 సంకేతాలు, సెకనుకి 18. మొదటి వాక్యంలో ‘నేను’ తీసేశాను, రెండో వాక్యంలో ‘నువ్వు’ ఉంచాను. అసలు విషయం ఇదే, ముందు కుదించినప్పుడు దెబ్బతిన్నదీ ఇక్కడే.

తెలుగులో కుదించేటప్పుడు అన్నిటికంటే తేలిగ్గా చోటు మిగిలేది సర్వనామం దగ్గరే. చేశాను, చేశావు, చేశారు అని క్రియ చివరే ఎవరో చెప్పేస్తుంది. ‘నేను’ తీసేస్తే ఖాళీతో కలిపి ఐదు సంకేతాలు మిగులుతాయి, అర్థం చెక్కుచెదరదు. అలవాటుపడ్డ చేయి ఇవన్నీ చకచకా తీసేస్తుంది. కానీ జరిగిపోయినదాన్ని కాదని చెప్పే క్రియకి ఈ గుణం లేదు. నేను రాలేదు, నువ్వు రాలేదు, అమ్మ రాలేదు, వాళ్ళు రాలేదు. అందరికీ ఒకటే ‘రాలేదు’. ఇక్కడ సర్వనామం తీసేస్తే ఎవరో చెప్పే ఆధారం వాక్యంలో ఇంకేమీ మిగలదు. రాను, రావు, రాడు అన్నప్పుడు మాత్రం మనిషి మళ్ళీ క్రియలోకి వస్తాడు. కాబట్టి కుదించేటప్పుడు ‘లేదు’తో ముగిసే ప్రతి క్రియ దగ్గరా నేను ఆగుతాను. ముందున్న వాక్యం ఆ మనిషిని చూపిస్తోందా? “అమ్మకి చెప్పావా?” అని అడిగితే “చెప్పలేదు” అన్న ఒక్క మాట చాలు, ప్రశ్నలోనే మనిషి ఉన్నాడు. అలాంటి ఆసరా లేకపోతే చదివేవాళ్ళు తమకి తోచిన మనిషిని పెట్టుకుంటారు. గొడవ జరుగుతున్నప్పుడు తోచే మనిషి ఎప్పుడూ ఎదుటివాడే.

ఈ సన్నివేశంలో సరిగ్గా అదే జరిగింది. గొడవ మధ్యలో అక్క కిటికీ వైపు తిరుగుతుంది. ముఖం కనపడదు. గొంతు తగ్గించి ఈ మాటలు అంటుంది:

> నేను ఎప్పుడూ రాలేదు. నేను ఎప్పుడూ అడగలేదు. అమ్మ కూడా ఎప్పుడూ పిలవలేదు.

70 సంకేతాలు, మూడు సెకన్లు, సెకనుకి 23. ముందు కుదించినవాళ్ళు ఇలా చేశారు:

> ఎప్పుడూ రాలేదు. అడగలేదు.
> అమ్మా పిలవలేదు.

39 సంకేతాలు, సెకనుకి 13. సాఫ్ట్‌వేర్‌కి ఎంతో నచ్చే వరుసలు. కానీ అంతకు కొన్ని క్షణాల ముందే అక్క తమ్ముణ్ణి నిలదీసింది. ఆ వేడిలో “ఎప్పుడూ రాలేదు, అడగలేదు” అని చదివితే ‘నువ్వు రాలేదు, నువ్వు అడగలేదు’ అనే అనిపిస్తుంది. ఒప్పుకోలు కాస్తా నింద అయింది. దాని వెనకే వచ్చే తమ్ముడి మౌనం కూడా మారిపోయింది. సినిమాలో అతను అక్క మాటకి కరిగి మౌనంగా ఉంటాడు, తెలుగులో చదివినవాళ్ళకి దొరికిపోయి నోరు మెదపనట్టు కనిపించింది. రెండో వరుసలో ఇంకో చిక్కు ఉంది. ‘అమ్మా’ అని దీర్ఘం తీస్తే ‘అమ్మ కూడా’ అనీ అర్థమే, ‘ఓ అమ్మా’ అని పిలిచినట్టూ అర్థమే. చదవడానికి ఉన్నది క్షణకాలం, అందులో చదివేవాళ్ళు రెండూ తూచి చూడలేరు.

సరిచేసింది:

> నేనెప్పుడూ రాలేదు, అడగలేదు.
> అమ్మ కూడా పిలవలేదు.

46 సంకేతాలు, సెకనుకి 15. ‘నేను’ ఒక్కసారే ఉంది, కామా దాన్ని రెండో క్రియకీ అందిస్తోంది. ముందటి పద్ధతిలో వాక్యాన్ని చుక్కతో తెంచేసరికి ‘అడగలేదు’ ఒంటరిదైపోయింది. ఇక్కడ ‘ఎప్పుడూ’ కూడా తీసేసి 40కి తేవచ్చు. అక్కర్లేదు. చెవికి మూడు పొడుగాటి వాక్యాలు వినిపిస్తుంటే కింద రెండు చిన్న ముక్కలే కనిపిస్తే, భాష రానివాళ్ళు కూడా ఏదో దాచారని పసిగడతారు. హద్దు లోపల చోటు ఉంటే వాడుకోవడమే నా పద్ధతి. 20కి దిగడానికే కుదింపు, 13కి దిగడానికి కాదు.

తర్వాత వచ్చేది తమ్ముడి పొడుగు మాట. ఇది ఒక్క సబ్‌టైటిల్‌లో పట్టదు:

> కొనేవాళ్ళు సోమవారం వచ్చి సామాను అంతా బయట పెట్టేస్తామన్నారు. పైగది తాళం మాత్రం అమ్మ నాకు ఎప్పుడూ ఇవ్వలేదు, దాన్ని పగలగొట్టాల్సి వస్తుంది.

136 సంకేతాలు, నాలుగున్నర సెకన్లు. అదృష్టవశాత్తూ ‘పైగది’ అనే మాట దగ్గర షాట్ మారి మెట్లు కనిపిస్తాయి. సబ్‌టైటిల్ షాట్ మారిన తర్వాత కూడా అలాగే ఉండిపోతే చాలామంది అదేదో కొత్తది అనుకుని మళ్ళీ మొదట్నుంచీ చదువుతారు. అందుకే మొదటిదాన్ని షాట్ మారే చోటుకి రెండు ఫ్రేముల ముందు ముగించి, రెండోదాన్ని కొత్త షాట్ మొదటి ఫ్రేమ్‌మీదే మొదలుపెట్టాను. మొదటి ముక్కకి రెండు సెకన్లు దక్కాయి, రెండోదానికి రెండున్నర. ఆ రెండు ఫ్రేములు పోయినా లెక్కలో తేడా ఒకటి లోపే.

> కొనేవాళ్ళు సోమవారం
> సామాను తీసేస్తారు.

36 సంకేతాలు, సెకనుకి 18. “అన్నారు” పోయింది, “బయట పెట్టడం” పోయింది. ‘సోమవారం’ తీసేస్తే ఇంకా హాయిగా చదవొచ్చు, కానీ గడువు అదే. అక్కకి మిగిలిన సమయం ఎంతో ఈ మాటలోనే తెలుస్తుంది.

రెండో ముక్క ముందటి ఫైలులో “పైగది తాళం లేదు, పగలగొట్టాలి” అని ఉంది. 28 సంకేతాలు, చక్కగా కుదిరింది. సన్నివేశం వరకే చూస్తే తప్పేమీ లేదు. కానీ దాదాపు గంట తర్వాత, తల్లి తనకి ఎప్పుడో పంపిన కవరు అక్క తెరుస్తుంది, అందులో పైగది తాళం ఉంటుంది. తల్లి తాళాన్ని తమ్ముడికి ఇవ్వలేదు, అక్కకి ఇచ్చింది. ఆ ఘట్టం పండాలంటే ప్రేక్షకుడి మనసులో ‘నాకు ఇవ్వలేదు’ అన్న తమ్ముడి మాట మిగిలి ఉండాలి. తాళం పోయిందని మాత్రమే చదివితే కవరులో దొరికినప్పుడు ‘ఓహో, ఇక్కడుందా’ అనుకుని ఊరుకుంటారు.

> పైగది తాళం అమ్మ నాకివ్వలేదు,
> పగలగొట్టాలి.

40 సంకేతాలు, సెకనుకి 16. ‘నాకు’ని క్రియతో కలిపి రాయడంవల్ల ఖాళీ కూడా మిగిలింది, చెప్పినట్టే వినిపిస్తోంది. వరుసని కామా దగ్గర విరిచాను. రెండు వరుసలూ సమానంగా ఉండాలని “అమ్మ” దగ్గర విరిస్తే “నాకివ్వలేదు, పగలగొట్టాలి” కిందికి వెళ్తుంది. అప్పుడు పై వరుస ఒక్కటే చదివినవాళ్ళకి ‘పైగది తాళం అమ్మ’ అనే అర్థంలేని ముక్క దొరుకుతుంది. చూడ్డానికి కాస్త వంకరగా ఉన్నా, ఒక వరుస ఒక భావాన్ని పూర్తిచేస్తేనే కన్ను ఆగకుండా కిందికి దిగుతుంది.

ఇలాంటి దూరపు లంకెలు సన్నివేశం లోపల చూస్తే దొరకవు. కత్తిరింపు మొదలుపెట్టే ముందు సినిమా మొత్తం ఒకసారి చూస్తాను. తర్వాత మళ్ళీ తగిలే వస్తువు, రోజు, సంఖ్య, ఎవరికి ఎవరు ఏం ఇచ్చారు అన్నవి టైమ్‌కోడ్‌తో సహా ఒక కాగితం మీద రాసుకుంటాను. ఆ కాగితం మీదున్న మాటని తీసేయను. పక్కనున్న మాటలు తీస్తాను.

సన్నివేశం చివర తమ్ముడు అసలు సంగతి బయటపెడతాడు. ఇల్లు అమ్మమని అడిగింది తల్లే. నటుడు మాట మొదలుపెట్టి, ఒక సెకను ఆగి, చివర్లో తల్లి పేరెత్తుతాడు. పాత ఫైలులో ఉన్నది:

> అమ్మే అమ్మేయమంది.

17 సంకేతాలు. మూడున్నర సెకన్ల పాటు తెరమీద ఉంది, వేగం సెకనుకి 5 కూడా లేదు. ఇంతకంటే హాయిగా చదవగలిగేది ఆ ఫైలులో ఇంకొకటి లేదు. కానీ నటుడు ఇంకా “ఇల్లు...” అంటుండగానే ప్రేక్షకుడు రహస్యం చదివేశాడు. నటుడి ఆ సెకను మౌనానికి ఇక పనే లేదు. పైగా ఒకేలా కనిపించే రెండు మాటలు పక్కపక్కనే పడి కన్ను తడబడుతుంది. తెలుగులో కర్తని వాక్యం చివరికి తేవడం మనకి సహజమే కాబట్టి మూలంలో మాటలు వచ్చే క్రమాన్నే ఉంచి, మౌనం దగ్గర రెండుగా విడగొట్టాను:

```
412
00:47:31,500 --> 00:47:33,000
ఇల్లు అమ్మేయమని అడిగింది…

413
00:47:34,000 --> 00:47:35,000
అమ్మ.
```

మొదటిది 25 సంకేతాలు, ఒకటిన్నర సెకను, సెకనుకి 17 లోపే. రెండోది ఒక్క మాట, ఒక్క సెకను. కనీసం ఉండాల్సిన 20 ఫ్రేముల కంటే ఎక్కువే. మధ్యలో సెకను సేపు తెర ఖాళీ. చివర్లో ఫైలుని తనిఖీ చేసినాయన రెండూ కలిపి ఒకే సబ్‌టైటిల్ చేయొచ్చు కదా అని అడిగారు. ఆ ఖాళీలో ప్రేక్షకులు ముఖం చూస్తారని చెప్పి అలాగే ఉంచమన్నాను, ఒప్పుకున్నారు.

ఒక చోట మాత్రం పూర్తి పరిష్కారం దొరకలేదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడే ఒకటిన్నర సెకను ఉంది. రెండు వరుసలకీ ముందు అడ్డగీత పెట్టి చెరొక వరుస ఇవ్వొచ్చు, కానీ ఆ సమయంలో చదవగలిగేది మొత్తం 30 సంకేతాలే. ఇద్దరికీ పదిహేనేసి ఇస్తే రెండూ తునకలవుతాయి. అక్క అంటున్నది అంతకుముందు అన్న మాటే, గొంతు పెంచి మళ్ళీ అంటోంది. దాన్ని పూర్తిగా వదిలేసి, కొత్త సంగతి చెబుతున్న తమ్ముడి మాటకే చోటిచ్చాను. గొంతులోని కోపం ఏ భాషవాళ్ళకైనా వినిపిస్తుంది.

సరిచేసిన సన్నివేశాన్ని ఆ భాష రాని, సినిమా ముందు చూడని వాళ్ళకే చూపించాలని కోరాను. భాష తెలిసినవాళ్ళు చెవితో ఖాళీలు పూరించుకుంటారు, వాళ్ళకి లోపం కనపడదు. చూశాక “బాగుందా” అని అడగలేదు. అలా అడిగితే అందరూ బాగుందనే అంటారు. ఎవరు రాలేదు, ఇల్లు ఇప్పటికే అమ్ముడుపోయిందా, తాళం ఎవరి దగ్గర లేదు, ఈ మూడే అడిగాం. అక్క రాలేదని ఈసారి తడుముకోకుండా చెప్పారు. అమ్మకం ఇంకా పూర్తికాలేదని కూడా గ్రహించారు. తాళం విషయంలో ఒకరు “తమ్ముడి దగ్గర లేదు, మరి ఎవరికిచ్చిందో” అన్నారు. దర్శకుడు ఆ సన్నివేశంలో ప్రేక్షకుణ్ణి నిలబెట్టాలనుకున్న చోటు అదే.

చదవలేకపోయామని ఎవరైనా అన్న చోట్లు కూడా రాయమన్నాను. ఒక్కటే వచ్చింది: “నువ్వే ఎత్తలేదు. ఏం చేయమంటావు?” సెకనుకి 18 హద్దులోనే ఉంది, కానీ ఒకే సబ్‌టైటిల్‌లో మూడు వాక్యాలు, ప్రతి చుక్క దగ్గరా కన్ను ఒక్క క్షణం ఆగుతుంది. ఈ ఆగడాన్ని సంకేతాల లెక్క పట్టుకోలేదు. తమ్ముడి మాట తర్వాత అక్క వెంటనే మాట్లాడదు, కాగితం మడుస్తుంది. షాట్ కూడా మారదు. అందుకని మాట అయిపోయాక 12 ఫ్రేములు, అంటే అర సెకను, సబ్‌టైటిల్‌ని పొడిగించాను. 54 సంకేతాలకి మూడున్నర సెకన్లు వచ్చి వేగం 15కి కాస్త పైన నిలిచింది. మాటల్లో ఏమీ మార్చలేదు.